చందా కాదు, స్పాన్సర్‌షిప్: కాలేజీ టెక్నికల్ క్లబ్ ఉత్తరంలో అసలు ఏముండాలి, కొట్టు యజమాని ఏం చూస్తాడు

మా మామయ్యకు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్టు ఉంది. సెలవుల్లో వెళ్లినప్పుడు సాయంత్రాలు కౌంటర్ దగ్గర కూర్చునేవాణ్ని. ఒకరోజు ముగ్గురు విద్యార్థులు ఫైలు పట్టుకొని వచ్చారు. ఒకబ్బాయి కవరు తీసి, "సార్, మేం ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చాం. మా క్లబ్ తరఫున ఈవెంట్ చేస్తున్నాం" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే లోపలి నుంచి గుమస్తా, "చందాలైతే ఓనర్ లేరు బాబూ" అన్నాడు. మామయ్య నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు.

వాళ్లు వెళ్లాక ఆ ఉత్తరం చదివాను. మూడు పేజీలు. క్లబ్ చరిత్ర, కాలేజీకి వచ్చిన ర్యాంకులు, 'టైటిల్, గోల్డ్, సిల్వర్' అని మూడు తరగతుల పట్టిక, చివర 'మీ అమూల్యమైన సహకారం కోరుతూ'. మామయ్య రోజూ అమ్మే సెన్సర్లతో, మోటార్లతో నడిచే రోబో పోటీ అది. ఆ సంగతి రెండో పేజీ అడుగున ఎక్కడో ఉంది. మామయ్యకు చూపిస్తే, "ముందే చెప్పి ఉంటే కూర్చోబెట్టేవాణ్ని కదా" అన్నాడు.

ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఫెస్ట్‌ల సీజన్‌లో ఇలాంటి కవర్లు తిరుగుతుంటాయి. ఇచ్చేవాళ్లకు అందులో ఏం రాయాలో తెలియదు. పుచ్చుకునేవాళ్లకు అది చందానో ప్రకటనో అర్థం కాదు. ఈ గందరగోళానికి మూలం డబ్బు కాదు, ఒక మాట.

చందా, విరాళం, స్పాన్సర్‌షిప్: మూడూ ఒకటి కావు

చందా అంటే మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. వినాయక చవితికో, జాతరకో పదిమందీ తలా కొంత వేసుకుంటారు. పక్క కొట్టువాడు 500 రాశాడు కాబట్టి మనమూ 500 రాస్తాం. తిరిగి ఏం వస్తుందని ఎవరూ అడగరు. ఇవ్వకపోతే మొహమాటం, అంతే.

విరాళం ఒక మంచి పనికి ఇచ్చేది. తీసుకున్నవాళ్లు కృతజ్ఞతగా పేరు రాయవచ్చు. కానీ ఆ పేరు వ్యాపారానికి ప్రచారం కాకూడదు.

స్పాన్సర్‌షిప్ ఈ రెండింటికీ భిన్నమైన లావాదేవీ. వ్యాపారి డబ్బో సరుకో ఇస్తాడు, బదులుగా క్లబ్ ఫలానా పని చేసి పెడుతుంది. బ్యానర్ కడుతుంది, పేరు చెబుతుంది, కూపన్లు పంచుతుంది. అంటే క్లబ్ ఒక సేవను అమ్ముతోంది, వ్యాపారి కొంటున్నాడు. ఆదాయపు పన్ను శాఖ కూడా దీన్ని అలాగే చూసింది. కాలేజీల్లో జరిగే సెమినార్లకు, కార్యక్రమాలకు బ్యానర్ల ద్వారా ప్రచారం కోసం స్పాన్సర్ చేస్తే దాన్ని ఏమనాలి అన్న ప్రశ్నకు 1995 ఆగస్టులో ఇచ్చిన 715వ నంబరు సర్క్యులర్‌లో, అది సారాంశంలో ప్రకటన పని కోసం చేసుకున్న ఒప్పందమేనని జవాబిచ్చింది.

ఉత్తరంలో 'సహకారం', 'ఔదార్యం', 'ప్రోత్సాహం' లాంటి మాటలు నిండి ఉంటే వ్యాపారి దాన్ని చందాల లెక్కలో వేస్తాడు. చందా పద్దుకు ఆయన మనసులో ఒక పరిమితి ఉంటుంది, ఎక్కడైనా ఐదు వందలో వెయ్యో. అదే ఉత్తరం 'మీ కొట్టుకు వచ్చే కస్టమర్లు 160 మంది ఒకరోజంతా ఒకచోట ఉంటారు' అని మొదలైతే ప్రకటనల లెక్కలో పడుతుంది. లోకల్ కేబుల్ స్క్రోలింగ్‌కీ, పేపర్లో పెట్టే కరపత్రానికీ, ఆటో వెనక స్టిక్కర్‌కీ ఆయన డబ్బు పెట్టేది ఆ లెక్కలోంచే.

కొన్ని ఉత్తరాల్లో 'మీ సీఎస్ఆర్ నిధుల నుంచి' అని, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టాల్సిన డబ్బులోంచి అని కూడా కనిపిస్తుంది. అది రెండు విధాలుగా పొరపాటు. 2013 కంపెనీల చట్టం ప్రకారం సీఎస్ఆర్ బాధ్యత పెద్ద కంపెనీలకే. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, లేదా అంతకు మించి ఉండాలి. ఊళ్లోని కొట్టుకు దానితో సంబంధం లేదు. పైగా 2021లో సవరించిన నిబంధనలు, మార్కెటింగ్ ప్రయోజనం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్ లెక్కలోంచే తీసేశాయి. లోగో పెడతామంటూనే సీఎస్ఆర్ అడగడం కుదరదు.

'బదులుగా మేం ఇచ్చేవి' అన్న జాబితాలో ఏది నిజంగా విలువైనది

పెద్ద సంస్థల ఫెస్ట్‌లు ఉన్నాయి. ఐఐటీ మద్రాస్ 'శాస్త్ర', వరంగల్ ఎన్ఐటీ 'టెక్నోజియాన్' లాంటివి. దేశమంతటి నుంచి విద్యార్థులు వస్తారు కాబట్టి వాటికి బ్యాంకులూ సాఫ్ట్‌వేర్ కంపెనీలూ స్పాన్సర్లుగా ఉంటాయి. వాళ్లకు కావాల్సింది బ్రాండు పేరు కనబడటం. చిన్న కాలేజీ క్లబ్‌లు ఆ బ్రోచర్లను చూసి అదే పట్టికను కాపీ చేస్తాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఊళ్లో ఒకే కొట్టు ఉన్న వ్యాపారికి 'బ్రాండ్ విజిబిలిటీ' అంటే ఏమీ అర్థం కాదు. ఆయనకు కావాల్సింది వీధిలోకి దిగి తన మెట్లెక్కే మనుషులు.

ఆ కళ్లతో మామూలు జాబితాను ఒకసారి చూద్దాం.

బ్యానర్ సంగతి. అది ఎక్కడ కట్టారన్న దాన్నిబట్టే దాని విలువ. కాలేజీ గేటు దగ్గర కడితే బస్సు దిగినవాళ్లు పది సెకన్లు చూస్తారు. అదే రోబో పరుగెత్తే ట్రాక్ వెనక గోడకు కడితే, ఆరు గంటలపాటు ప్రతి జట్టూ దాని ముందే నిలబడుతుంది. ఫోన్లలో తీసే ప్రతి వీడియోలోనూ అది పడుతుంది. ఆ వీడియోలు స్టేటస్‌లలోకి వెళ్తాయి. ఒకే సైజు, ఒకే ఖర్చు, ఫలితం మాత్రం చాలా తేడా. అయినా చాలా ఉత్తరాల్లో 'బ్యానర్ డిస్‌ప్లే' అని రెండు మాటలే ఉంటాయి.

బ్యానర్ దగ్గరే తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి. లోగో కావాలంటే వ్యాపారి తన వాట్సాప్ డీపీని పంపిస్తాడు. దాన్ని ఎనిమిదడుగుల బ్యానర్‌కు సాగదీస్తే అక్షరాలు పాచిపోయినట్టు మసకగా వస్తాయి. డబ్బిచ్చిన మనిషి తన కొట్టు పేరు అలా చూసుకుంటే ఎలా ఉంటుంది? అసలు ఫైలు ఆయన దగ్గర ఉండదు. కొట్టు బోర్డు ఎవరు ప్రింట్ చేశారో ఆ ఫ్లెక్స్ షాపువాళ్ల కంప్యూటర్‌లో కోరల్‌డ్రా ఫైలుగా ఉంటుంది. ఆ షాపు పేరు అడిగితే పని అయిపోతుంది.

స్టాల్ సంగతి వేరు. వినడానికి పెద్ద ప్రయోజనంలా ఉంటుంది. కానీ ఇద్దరే నడిపే కొట్టులో ఒకరు రోజంతా కాలేజీలో కూర్చుంటే, ఇక్కడ కౌంటర్ సగం మూతపడినట్టే. అలాంటివాళ్లకు స్టాల్ లాభం కాదు, ఖర్చు. ఐదుగురు సేల్స్‌మెన్ ఉన్న ల్యాప్‌టాప్ షోరూముకైతే అదే స్టాల్ మంచి అవకాశం.

ఇక క్లబ్‌కు పైసా ఖర్చు కాకుండా వ్యాపారికి ఎక్కువ విలువైనది ఒకటుంది. 'మీ రంగంలో మీరొక్కరే స్పాన్సర్' అన్న మాట. ఎదురు వీధిలోని పోటీ కొట్టు బ్యానర్ పక్కన తన బ్యానర్ కట్టించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. దీన్నే క్లబ్‌లు ఎక్కువగా చెడగొట్టుకుంటాయి. ఒక కమిటీ సభ్యుడు ఒక కొట్టుకు మాటిస్తాడు, అది తెలియని మరొకడు రెండో కొట్టు దగ్గర డబ్బు తీసుకుంటాడు. ఈవెంట్ ఉదయం ఇద్దరి ఫ్లెక్స్‌లూ పక్కపక్కన కనబడతాయి. మరుసటి ఏడాది ఆ రెండు కొట్లలోనూ 'ఓనర్ లేరు'.

ఇక్కడే ఒక గీత గీయాలి. బ్యానర్ చోటు, మైకులో ఎన్నిసార్లు పేరు చెబుతారన్నది, ఆ రంగంలో ఒక్కరే స్పాన్సర్ అన్నది, ఎన్ని కూపన్లు పంచుతారన్నది క్లబ్ చేతిలో ఉన్నవి. వాటికి హామీ ఇవ్వవచ్చు. అమ్మకాలు పెరుగుతాయి, ఐదువేల మందికి చేరుతుంది లాంటివి క్లబ్ చేతిలో లేనివి. వాటిని ఆశగా చెప్పవచ్చు, హామీగా కాదు. రెండూ ఒకే జాబితాలో కలిపి రాయడం వల్లే ఈవెంట్ తరవాత మాట పడాల్సి వస్తుంది.

ఒక పోటీ, ఒక కొట్టు: లెక్క వేసి చూస్తే

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే, ఊరిని బట్టి మారతాయి. ఒక ఎలక్ట్రానిక్స్ క్లబ్ ఒకరోజు లైన్ ఫాలోవర్ పోటీ పెడుతోంది. నల్ల గీతను సెన్సర్‌తో గుర్తుపట్టి దాని వెంట పరుగెత్తే చిన్న రోబోల పోటీ. నలుగురేసి ఉన్న 40 జట్లు, అంటే 160 మంది.

ఖర్చు: ట్రాక్ ప్రింటింగ్‌కు 6,000, భోజనాలకు 16,000, సర్టిఫికెట్లకు 2,400, బహుమతులకు 15,000, మైకుకు 4,000, పోటీలో కాలిపోయినవి మార్చుకోవడానికి ఉంచే విడిభాగాలకు 8,000, చిల్లర ఖర్చులకు 2,600. మొత్తం 54,000 రూపాయలు. జట్టుకు 400 చొప్పున ఫీజు 16,000 వస్తుంది, కాలేజీ 15,000 ఇస్తుంది. ఇంకా 23,000 కావాలి.

క్లబ్ మామూలుగా చేసేది ఏమిటంటే విడిభాగాల కొట్టుకు వెళ్లి 10,000 నగదు అడగడం. కొట్టు వైపు నుంచి చూడండి. ఒక్కో రోబోకు ఆర్డునో బోర్డు, మోటార్ డ్రైవర్, రెండు ఐఆర్ సెన్సర్లు, రెండు గేర్ మోటార్లు, చక్రాలు, బ్యాటరీ కావాలి. అన్నీ కలిపి 1,500 అనుకుందాం. కొట్టుకు మిగిలేది నూటికి 20. స్పాన్సర్‌షిప్ వల్ల, ఆన్‌లైన్‌లో తెప్పించుకునే జట్లలో 15 ఈ కొట్టుకు వచ్చాయనుకుంటే అమ్మకం 22,500, మిగులు 4,500. పదివేలు ఇచ్చి నాలుగున్నర వేలు వెనక్కి. ఆ నెలలో 5,500 చేతి నుంచి పడింది. 'నెలనెలా కొత్త విద్యార్థులు వస్తారు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకు మీ దగ్గరే కొంటారు' అనవచ్చు. అది నిజం కావచ్చు కూడా. కానీ అది ఆశ. వ్యాపారి మనసులో ఈ లెక్క పది సెకన్లలో అయిపోతుంది, 'రెండు వేలు రాసుకోండి' అంటాడు.

ఇప్పుడు అడిగే పద్ధతి మారుద్దాం. బహుమతులు మొదటిది 7,000, రెండోది 5,000, మూడోది 3,000 అనుకుంటే, రెండో, మూడో బహుమతులను నగదుకు బదులు ఆ కొట్టు వోచర్లుగా ఇవ్వమని అడుగుతుంది క్లబ్. వాటి ముఖవిలువ 8,000, కొట్టుకు పడే అసలు ఖర్చు 6,400. గెలిచినవాళ్లు వోచర్ పట్టుకొని కొట్టుకే రావాలి.

రెండోది విడిభాగాలు. వాటిని కొనకుండా, 8,000 విలువైన సరుకు ఒకరోజు తెచ్చుకొని, వాడినదానికి డబ్బిచ్చి మిగిలింది తిరిగి ఇచ్చేస్తామంటుంది. నిజంగా కాలేవి 2,500 విలువైనవి అనుకుంటే క్లబ్‌కు 5,500 మిగిలింది. కొట్టుకు సరుకు వెనక్కి వచ్చింది, అమ్ముడైన 2,500 మీద 500 లాభం కూడా.

ఇప్పుడు కూడండి. క్లబ్‌కు దక్కింది 8,000, 5,500 కలిపి 13,500. నగదు అడిగినప్పటి పదివేల కన్నా ఎక్కువ. కొట్టుకు ఖర్చు 6,400, వచ్చింది 4,500, 500 కలిపి 5,000. చేతి నుంచి పడింది 1,400. ట్రాక్ వెనక బ్యానర్‌కు, 160 మంది ముందు పేరుకు 1,400 అంటే ఏ వ్యాపారి అయినా ఆలోచిస్తాడు. మిగిలిన 9,500 కోసం ప్రింటింగ్ షాపునూ భోజనాలవాళ్లనూ ఇదే పద్ధతిలో, వాళ్ల సరుకులో వాళ్ల ఖర్చుకే అడగవచ్చు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అది బలమైనదే. పక్క ఊరి కాలేజీ నుంచి వచ్చి గెలిచిన జట్టు, మళ్లీ యాభై కిలోమీటర్లు వచ్చి వోచర్ వాడుకుంటుందా? 'బహుమతి 5,000' అని పోస్టర్‌లో చదివి వచ్చినవాళ్ల చేతిలో వోచర్ పెడితే మోసపోయామనుకోరా? అనుకుంటారు. పోస్టర్‌లోనే 'వోచర్' అని రాయడం, ఆ రోజు సాయంత్రమే ఫోన్ చేసి సరుకు ఎంచుకుంటే కొరియర్ చేయించడం దీనికి కొంతవరకే పరిష్కారం. మొదటి బహుమతిని నగదుగానే ఉంచడం అందుకే.

ఈ లెక్కలో ఇంకొక షరతు దాగి ఉంది: సమయం. ఆ 15 జట్లు కొట్టుకు వచ్చేది పోటీకి ముందే, రోబో తయారు చేసుకునేటప్పుడు. ఉత్తరం పోటీకి పది రోజుల ముందు వస్తే జట్లన్నీ ఎక్కడో ఒకచోట కొనేసి ఉంటాయి. అప్పుడు కొట్టుకు వచ్చే 4,500 సున్నా అవుతుంది. రిజిస్ట్రేషన్ పోస్టర్ మీదనే కొట్టు పేరు ఉండాలంటే ఐదారు వారాల ముందే మాట కుదరాలి. ఆలస్యమైన ఉత్తరం అడిగేది మళ్లీ చందానే.

ఉత్తరం ఒక పేజీలో ఎలా ఉంటుంది

ఆ లెక్కనే ఉత్తరంగా మారిస్తే సుమారు ఇలా వస్తుంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద, ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ సంతకంతో.

> గౌరవనీయులైన ప్రొప్రైటర్ గారికి,
>
> మా ఎలక్ట్రానిక్స్ క్లబ్ వచ్చే నెల 20వ తేదీన లైన్ ఫాలోవర్ రోబో పోటీ నిర్వహిస్తోంది. 40 జట్లు, 160 మంది విద్యార్థులు పాల్గొంటారని అంచనా. ప్రతి జట్టూ ఈ నెలలోనే సెన్సర్లు, మోటార్లు, బోర్డులు కొనుక్కోవాలి. అవి మీ కొట్టులో దొరుకుతాయి కాబట్టి మిమ్మల్ని మొదట కలుస్తున్నాం.
>
> మేం కోరేవి రెండు. ఒకటి, రెండో బహుమతికి 5,000, మూడో బహుమతికి 3,000 రూపాయల మీ కొట్టు వోచర్లు. రెండు, పోటీ రోజు మా దగ్గర ఉంచుకోవడానికి 8,000 విలువైన విడిభాగాలు. వాడినవాటికి మరుసటి రోజు బిల్లు చెల్లించి, మిగిలినవి ప్యాకింగ్ చెడకుండా తిరిగి ఇస్తాం.
>
> బదులుగా మేం చేసేవి: రిజిస్ట్రేషన్ పోస్టర్ మీద మీ కొట్టు పేరు, చిరునామా. ట్రాక్ వెనక గోడకు 8 అడుగుల బ్యానర్, ఖర్చు మాదే. ప్రతి జట్టుకూ మీ కొట్టు కూపన్ ఒకటి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల రంగంలో మరెవరినీ స్పాన్సర్‌గా తీసుకోము. పోటీ అయిన వారంలోగా ఫొటోలు, హాజరు సంఖ్య మీకు అందిస్తాం.
>
> జట్లు 25 కన్నా తగ్గితే రెండో వోచర్ అవసరం లేదు. పోటీ రద్దయితే వోచర్లు, సరుకు అన్నీ తిరిగి ఇచ్చేస్తాం.

ఇందులో ఒక్కో వాక్యం ఎందుకుందో గమనించండి. 'మిమ్మల్ని మొదట కలుస్తున్నాం' అన్నది పొగడ్త కాదు. వద్దంటే పోటీ కొట్టుకు వెళ్తామన్న సంగతి మర్యాదగా అందులోనే ఉంది. '160 మంది' పక్కన 'అంచనా' అన్న మాట ఉంది, ఎందుకంటే అది క్లబ్ చేతిలో లేదు. 'ఖర్చు మాదే' అని రాయకపోతే బ్యానర్ ఎవరు వేయించాలన్న గొడవ ఈవెంట్ ముందురోజు రాత్రి వస్తుంది.

చివరి రెండు వాక్యాలను చాలామంది విద్యార్థులు తీసేయాలనుకుంటారు. జట్లు తగ్గుతాయనీ, రద్దవుతుందనీ మనమే ఎందుకు చెప్పుకోవాలన్నది వాళ్ల వాదన. కొందరు ఫ్యాకల్టీ కూడా అలాగే అంటారు. కానీ ఆ అనుమానం వ్యాపారికి ఎలాగూ ఉంటుంది. కిందటేడు డబ్బు తీసుకొని ఈవెంట్ పెట్టనివాళ్లు ఆయనకు గుర్తుంటారు. నా మటుకు నాకు ఆ ఉత్తరంలో అన్నిటికన్నా పనిచేసే వాక్యాలు అవే అనిపిస్తాయి.

పన్ను: పదివేల వెనక దాక్కున్న పద్దెనిమిది వందలు

మన ఉదాహరణలో నగదు లేదు. కానీ ల్యాప్‌టాప్ షోరూమో కోచింగ్ సెంటరో నగదు ఇచ్చే సందర్భం ఉంటుంది. అప్పుడు ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్న, ఇది విరాళమా స్పాన్సర్‌షిప్పా అని.

స్పాన్సర్‌షిప్ ఒక సేవ, దానికి జీఎస్టీ 18 శాతం. మామూలుగా సేవ అమ్మినవాళ్లు పన్ను కట్టాలి. స్పాన్సర్‌షిప్‌కు మాత్రం 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ రివర్స్ చార్జ్ అనే పద్ధతి ఉంది. కొన్నవాళ్లు కంపెనీగానీ భాగస్వామ్య సంస్థగానీ అయితే పన్ను వాళ్లే కట్టాలి. 2025 జనవరిలో ఒక మార్పు వచ్చింది: సేవ ఇచ్చేది కంపెనీ లాంటి కార్పొరేట్ సంస్థ అయితే పన్ను అదే వసూలు చేసి కడుతుంది. సొసైటీయో ట్రస్టో నడిపే కాలేజీ విషయంలో పాత పద్ధతే.

అంటే ఇద్దరు అన్నదమ్ములు పార్ట్‌నర్‌షిప్‌గా నడిపే షోరూము అలాంటి కాలేజీకి 10,000 ఇస్తే, దాని మీద 1,800 ప్రభుత్వానికి తనే కట్టాలి. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారం అయితే ఆ 1,800ను తరవాత తను కట్టాల్సిన జీఎస్టీలో ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటు చేసుకోవచ్చు. అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారులకు ఆ క్రెడిట్ రాదు, వాళ్లకు స్పాన్సర్‌షిప్ నిజంగానే 11,800 పడుతుంది. ఒక్కరే యజమానిగా ఉండే కొట్టుకు ఈ రివర్స్ చార్జ్ వర్తించదు. అక్కడ పన్ను ప్రశ్న కాలేజీ వైపు ఉంటుంది, కాలేజీ సంస్థకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నదాన్నిబట్టి.

మరి విరాళం అని రాసేస్తే? కొందరు అదే చేయమంటారు. 2019 అక్టోబరులో వచ్చిన 116వ నంబరు జీఎస్టీ సర్క్యులర్ దీని మీదే ఉంది. దాత పేరు కృతజ్ఞతగా రాయడం వరకే అయితే, అందులో వ్యాపార ప్రచారం లేకపోతే జీఎస్టీ లేదని అది చెబుతుంది. ఒక బోర్డు కింద ఇచ్చినవారి పేరు, శుభాకాంక్షలు రాయడం లాంటి ఉదాహరణలు అందులో ఉన్నాయి. కానీ '20 శాతం డిస్కౌంట్, బస్టాండ్ ఎదురుగా' అని బ్యానర్ కట్టి, రశీదులో విరాళం అని రాస్తే ఆ రెండూ పొసగవు. పైగా విరాళంగా రాస్తే వ్యాపారి దాన్ని ప్రకటన ఖర్చుగా చూపించుకోలేడు. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రావాలంటే కాలేజీ సంస్థకు ఆ అనుమతి ఉండాలి, నగదుగా 2,000 మించి ఇస్తే అదీ రాదు. ప్రచారం ఉన్నచోట ప్రకటన ఖర్చు అని రాయడమే వ్యాపారికీ మేలు. ఫలానా కొట్టుకు ఏది వర్తిస్తుందో ఆ కొట్టు ఆడిటర్‌కే తెలుస్తుంది. కానీ అడిగితే జవాబు చెప్పగలిగేలా విద్యార్థులకు ఈ తేడా తెలిసి ఉండటం అవసరం.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి

క్లబ్‌కు చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదు. దానికి పాన్ ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు. అందుకే చాలాచోట్ల ట్రెజరర్‌గా ఉన్న విద్యార్థి ఫోన్‌పే నంబరే క్లబ్ ఖాతా అవుతుంది. వ్యాపారి పుస్తకంలో అది ఒక పేరు తెలియని విద్యార్థికి పంపిన డబ్బుగా కనిపిస్తుంది, ప్రకటన ఖర్చుగా చూపడం కష్టం. విద్యార్థికి అంతకన్నా పెద్ద చిక్కు. నలభై వేలు తన ఖాతాలోకి వచ్చి పోతాయి, రేపు లెక్కలో తేడా వస్తే నింద తన ఒక్కడి మీదే.

కాలేజీ ఖాతాలోకే రావాలన్నది యాజమాన్యాల మాట. రశీదు వస్తుంది, లెక్క ఉంటుంది. విద్యార్థుల ఇబ్బందీ నిజమే: కాలేజీ ఖాతాలో పడిన డబ్బు సంతకాలన్నీ అయి చేతికి వచ్చేసరికి ఈవెంట్ అయిపోతుంది, అంతవరకూ జేబులోంచి పెట్టుకోవాలి. ఈ రెండింటికీ మధ్య ఒక దారి కనిపిస్తుంది. స్పాన్సరే నేరుగా ప్రింటింగ్ షాపుకు చెల్లించి, బిల్లు తన పేరు మీద తీసుకోవడం. డబ్బు విద్యార్థుల చేతికి రాదు, పని ఆగదు, వ్యాపారికి సక్రమమైన బిల్లు దొరుకుతుంది. వోచర్లు, తిరిగి ఇచ్చే సరుకు పద్ధతిలో మరో మంచి కూడా ఇదే, చేతులు మారే నగదు తక్కువ.

స్పాన్సర్ ఫోన్ నంబర్ల జాబితా అడిగితే

విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, కోచింగ్ సంస్థలు క్లబ్‌లకు తేలిగ్గా డబ్బిస్తాయి. బ్యానర్ గురించి పెద్దగా పట్టించుకోవు. వాటికి కావాల్సింది రిజిస్ట్రేషన్ షీటు: పేరు, బ్రాంచి, ఏడాది, ఫోన్ నంబరు. పదివేలు నగదు ఇస్తామంటే క్లబ్‌కు ఆశ పుట్టడం సహజం. నంబర్లు ఎలాగూ ఎక్కడో ఒకచోట బయటికి వెళ్లేవే కదా అన్న వాదనా వినిపిస్తుంది.

కానీ ఆ నంబర్లు క్లబ్‌వి కావు. విద్యార్థులు పోటీ కోసం ఇచ్చారు, ఫోన్ కాల్స్ కోసం కాదు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేది కూడా అదే. ఒక పని కోసం తీసుకున్న సమాచారాన్ని మరో పనికి వాడాలంటే స్పష్టమైన అనుమతి కావాలి. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఆ చట్టంలో 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లల కిందే లెక్క, వాళ్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇంటర్ అవగానే చేరిన ఫస్టియర్ విద్యార్థుల్లో పదిహేడేళ్లవాళ్లు ఎంతోమంది.

రిజిస్ట్రేషన్ ఫారంలో 'ఈ స్పాన్సర్ నన్ను సంప్రదించవచ్చు' అని విడిగా ఒక గడి, ముందే టిక్ పెట్టకుండా ఉంచితే ఇష్టమైనవాళ్లు టిక్ పెడతారు. 160 మందిలో ముప్ఫై మందే పెట్టవచ్చు. ఆ ముప్ఫై మంది నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లని స్పాన్సర్‌కు చెప్పవచ్చు. దానికి ఒప్పుకోని స్పాన్సర్‌ను వదులుకోవడం క్లబ్‌కు నష్టమే, ఆ పదివేలు మళ్లీ వెతుక్కోవాలి. అయినా వదులుకోవాల్సిందే అనుకుంటాను. జూనియర్లకు రోజూ వచ్చే కాల్స్ వెనక తమ క్లబ్ ఉందని తెలిస్తే, మరుసటి ఏడాది ఆ ఫారం ఎవరు నింపుతారు?

పోటీ అయ్యాక కొట్టు డ్రాయరులో మిగిలే కాగితాలు

కూపన్ సంగతి చివరికి అట్టిపెట్టాను, ఎందుకంటే ఇది పనిచేసిందో లేదో తెలిసేది దానితోనే. జట్టుకు ఒకటి చొప్పున 40 కూపన్లు, 1 నుంచి 40 వరకు నంబర్లు వేసి, వెనక క్లబ్ ముద్రతో. రిజిస్ట్రేషన్ రోజే ఇచ్చేయాలి, పోటీ రోజు కాదు. కొన్నప్పుడు ఆ కాగితం తీసుకొని, కొంత తగ్గించి, దాని వెనక బిల్లు మొత్తం రాసుకొని డ్రాయరులో వేయమని కొట్టువాళ్లకు చెబితే చాలు.

పోటీ అయిన వారానికి క్లబ్‌వాళ్లు ఫొటోలు ఇవ్వడానికి వెళ్తారు. అప్పుడు ఇద్దరూ కలిసి ఆ కాగితాలు లెక్కపెడతారు. పద్దెనిమిది ఉంటే మన అంచనా 15 దాటింది, వచ్చే ఏడాది మొదటి బహుమతి కూడా అడగవచ్చు. ఆరే ఉంటే ఆ ఆరింటి నంబర్లు చూడాలి. అవన్నీ సొంత కాలేజీ జట్లవే అయితే బయటి కాలేజీలవాళ్లకు కొట్టు దూరమైందని అర్థం. అప్పుడు వచ్చే ఏడాది ఉత్తరంలో 160 మంది అని కాకుండా, సొంత కాలేజీ విద్యార్థుల సంఖ్యే రాయాలి, అడిగే వోచరూ ఆ మేరకు తగ్గాలి.